లైటు వేశారా, తీశారా? ఒక విద్యార్థిని ఇంగ్లీషు రాతలో క్రియల తడబాటు: కేస్ స్టడీ

నేపథ్యం

ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పర్లాకిమిడి ప్రాంతంలో నేను చాలా ఏళ్లుగా ఇంగ్లీషు ట్యూషన్ చెబుతున్నాను. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలు అమ్మతో తెలుగులో, బడిలో ఒడియాలో మాట్లాడతారు. పదో తరగతి దాటి ప్లస్ టూలో చేరాక అర్జీ రాయాలన్నా, పరీక్షలో పేరా రాయాలన్నా ఇంగ్లీషు తప్పదు. పాతపట్నం వైపు బంధువులు, బజారులో ఒడియా బేరాలు ఉన్న ఈ పిల్లలకు ఒకే వాక్యంలో రెండు భాషలు కలిసిపోవడం వింతేమీ కాదు. వింతంతా ఆ రెండూ కలిసి మూడో భాషలోకి దిగినప్పుడు జరుగుతుంది.

ఈ కేసులోని విద్యార్థినికి అప్పటికి పదిహేడేళ్లు. ఇంట్లో తెలుగు, పదో తరగతి వరకు ఒడియా మాధ్యమం, ఆ తర్వాత హాస్టల్లో ఉండి ప్లస్ టూ. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు చెప్పడం లేదు, ఆనవాలు దొరికే వివరాలు కొన్ని మార్చాను. ఆమె రాసిన వాక్యాలను మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసంతా ఆ వాక్యాల్లోనే ఉంది.

నా దగ్గరకు వచ్చేనాటికి ఆమెకు స్పెల్లింగ్ బాగా వచ్చు. కాలాలు తడబడకుండా రాసేది, పదసంపద కూడా తన తోటివారికంటే మెరుగు. అయినా రాతకు మార్కులు పడేవి కావు. కాలేజీలో దిద్దిన కాగితాల్లో క్రియల కింద ఎర్ర గీతలు ఉండేవి గానీ, ఆ గీత ఎందుకు పడిందో ఎక్కడా ఒక్క మాట లేదు. ‘ఐ డిడ్ ఎ మిస్టేక్’ అని రాస్తే ‘డిడ్’ కింద గీత. కర్త ఉంది, భూతకాలం ఉంది, కర్మ ఉంది. వ్యాకరణం వైపు నుంచి చూస్తే ఆ వాక్యంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ మాటే ఆమె నన్ను అడిగితే మొదటిరోజు నేను చెప్పిన జవాబు, ‘ఇంగ్లీషువాళ్లు అలా అనరమ్మా’ అన్నది. అది నిజమే గానీ ఆ జవాబుతో ఎవరూ ఏదీ నేర్చుకోలేరు.

హాస్టల్ అర్జీ

అసలు సమస్య బయటపడింది మార్కుల దగ్గర కాదు. హాస్టల్లో నలుగురున్న గదిలో ఆమె రాత్రి పదకొండు దాకా చదువుకునేది. మిగిలినవాళ్లు పదింటికే పడుకునేవాళ్లు. ఒకరోజు వార్డెన్‌కు ఇంగ్లీషులో అర్జీ పెట్టింది. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: ‘ఎవ్రీ నైట్ ఎట్ టెన్ ఓక్లాక్ మై రూమ్మేట్స్ ఓపెన్ ద లైట్ అండ్ ఐ యామ్ ఫేసింగ్ మచ్ డిఫికల్టీ.’

వార్డెన్ ఒడియా మనిషి. అర్జీ చదివి, రాత్రి పదింటికి గదివాళ్లు లైటు వేసి ఈ పిల్ల నిద్ర పాడుచేస్తున్నారని అనుకున్నారు. ఆ వారమే నోటీసు పెట్టారు, పది దాటాక ఏ గదిలోనూ లైటు వెలగకూడదని. ఆమె అడిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆదివారం ట్యూషన్‌కు వచ్చి అర్జీ నకలు నా ముందు పెట్టింది. నేను కూడా మొదట వార్డెన్ చదివినట్టే చదివాను. ‘ఓపెన్ ద లైట్’ అనే పొరపాటు కొత్తదేమీ కాదు. చైనా భాషలోనూ గ్రీకులోనూ తలుపు తెరవడానికి, దీపం వెలిగించడానికి ఒకే క్రియ ఉంది కనుక ఆ భాషల పిల్లలు ఇంగ్లీషులో ఇలాగే రాస్తారు. అక్కడ దాని అర్థం లైటు వేయడమే. నేనూ ఆ లెక్కలోనే చదివాను.

‘పదింటికి వాళ్లు లైటు వేస్తే నీకేమిటమ్మా ఇబ్బంది, నువ్వు చదువుకుంటూనే ఉంటావు కదా?’ అన్నాను.

‘వేస్తారని ఎవరన్నారు మాస్టారూ? లైటు తీసెత్తారు. చీకట్లో ఎలా చదవను?’ అంది.

తలుపు తీయడం, లైటు తీయడం. తెలుగులో తలుపు తీస్తే తెరుచుకుంటుంది, లైటు తీస్తే ఆరిపోతుంది. తలుపు వేస్తే మూసుకుంటుంది, లైటు వేస్తే వెలుగుతుంది. ‘తీయడం’ అంటే ‘ఓపెన్’ అని ఎప్పుడో చిన్నతనంలో తలుపు దగ్గర నేర్చుకున్న మాటను ఆమె లైటు దగ్గరకు తెచ్చుకుంది. ఒడియాలో లైటు ఆర్పడాన్ని ‘బంద కరిబా’ అంటారు, తలుపు మూయడానికీ అదే మాట. అంటే ఒడియా పిల్లలు ‘క్లోజ్ ద లైట్’ అని రాసేది ఆర్పడానికి. దానికి ఎదురుమాటగా ‘ఓపెన్’ వాళ్లకు వెలిగించడమవుతుంది. ఇలా ఒకే తప్పు వాక్యం తెలుగు పిల్ల రాస్తే చీకటి, ఒడియా పిల్ల రాస్తే వెలుతురు అవుతోంది. వార్డెన్ తన భాషలోంచి చదివారు, ఈమె తన భాషలోంచి రాసింది, మధ్యలో ఉన్న ఇంగ్లీషు ఇద్దరికీ ఉపయోగపడలేదు.

ఎర్ర సిరాతో ‘ఓపెన్’ కొట్టేసి ‘స్విచ్ ఆన్’ అని దిద్దే ఉపాధ్యాయుడు ఈ వాక్యం అర్థాన్నే తలకిందులు చేసి, సరిదిద్దానని సంతృప్తి పడతాడు. అంతకుముందు వారాల్లో నేను కూడా ఆమె రాతలో ఎన్ని వాక్యాలను ఇలా ‘సరిదిద్ది’ ఉంటానో నాకు తెలియదు.

మొదట చేసినవి, అవి ఎందుకు పనికిరాలేదు

అర్జీ సంగతికి ముందే నేను రెండు పద్ధతులు ప్రయత్నించి ఉన్నాను. మొదటిది అందరూ చేసేదే: తప్పుకు ఎదురుగా ఒప్పు రాసిన జాబితా. ‘డూ ఎ మిస్టేక్’ కాదు ‘మేక్ ఎ మిస్టేక్’, ‘సే ఎ జోక్’ కాదు ‘టెల్ ఎ జోక్’, ఇలా నలభై జంటలు. ఆమె రెండు రోజుల్లో అప్పజెప్పేసింది. మూడో వారం రాతలో అవే తప్పులు మళ్లీ వచ్చాయి. పైగా ఒకచోట, ‘డూ’ సరైనదా ‘మేక్’ సరైనదా అని తడుముకుని, ఒకటి కొట్టేసి ఇంకొకటి రాసి, దాన్నీ కొట్టేసి మొదటిదే మళ్లీ రాసింది. తప్పును, ఒప్పును పక్కపక్కన పెట్టి చదివిస్తే రెండూ సమానంగా గుర్తుంటాయి. రాసే వేళ ఏది ఏ వైపుదో మరుపు వస్తుంది. ఆ కొట్టివేతలు చూశాక జాబితా మానేశాను.

రెండో పద్ధతి సూత్రం. ‘కొత్తగా ఏదైనా తయారైతే మేక్, ఊరికే పని జరిగితే డూ’ అని చాలా గైడ్లలో ఉంటుంది. నేనూ అదే చెప్పాను. వారం తిరక్కుండా ‘ఐ మేడ్ మై హోంవర్క్’ అని రాసుకొచ్చింది. ఎందుకని అడిగితే, నోటుపుస్తకంలో నాలుగు పేజీలు కొత్తగా తయారయ్యాయి కదా మాస్టారూ అంది. తర్కం ఆమెదే సరైనది. సూత్రమే తప్పు. మరి ‘మిస్టేక్’లో ఏం తయారైంది? పక్క దులిపి సర్దితే ‘మేక్ ద బెడ్’ అంటారు, మంచమేమీ కొత్తగా తయారుకాదు. నష్టం కొత్తగా కలిగినా ‘డూ డామేజ్’ అనే అంటారు. ఈ సూత్రం ఉన్న అలవాటుకు తరువాత కట్టిన వివరణ మాత్రమే, దాన్ని పట్టుకుని ముందుకు పోయి కొత్త మాట దగ్గర సరైన క్రియను కనుక్కోలేం. అప్పటిదాకా సరిగ్గా రాస్తున్న హోంవర్క్‌ను కూడా నా సూత్రం చెడగొట్టింది.

ఈ రెండు ప్రయత్నాల్లోనూ నేను క్రియ మీదే కన్నేసి కూర్చున్నాను. ఇంగ్లీషులో ‘మేక్’, ‘డూ’, ‘టేక్’, ‘హావ్’, ‘గివ్’ లాంటి క్రియలకు ఇలాంటిచోట సొంత అర్థం దాదాపు ఉండదు. అర్థం మోసేది నామవాచకం, క్రియ దానికి తోడుగా వస్తుంది. ఏ నామవాచకానికి ఏ క్రియ తోడు అన్నది ఆ భాషలో స్థిరపడిపోయిన పొత్తు. దీన్నే భాషాశాస్త్రంలో పదసాంగత్యం అంటారు. జె.ఆర్. ఫర్త్ 1950లలో ఈ ఆలోచనకు ప్రాచుర్యం తెచ్చారు. అంతకుముందే, 1933లో, జపానులో ఇంగ్లీషు బోధన మీద పనిచేస్తున్న హెరాల్డ్ పామర్ ఇలాంటి పదబంధాలను ఏరి పెద్ద జాబితా తయారుచేశారు. నేర్చుకునేవాడికి కష్టం విడిమాట దగ్గర కాదని, మాటల పొత్తు దగ్గరని పాఠాలు చెప్పేవాళ్లకు అప్పటికే అర్థమైందన్నమాట.

తెలుగులో కూడా ఇంతే కదా. ముగ్గు వేస్తాం, ఓటు వేస్తాం, ప్రశ్న వేస్తాం, కేక వేస్తాం, మాత్ర వేసుకుంటాం, జోకు వేస్తాం. వీటన్నిటిలోనూ ‘వేయడం’ ఒక్కటే పని కాదు. తెలుగు నేర్చుకుంటున్న ఒడియా మిత్రుడెవరైనా ‘ముగ్గు రాశాను’ అంటే మనకు అర్థమవుతుంది, చిన్న నవ్వూ వస్తుంది. అతనికి సూత్రం చెప్పమంటే మనం చెప్పలేం.

ఏ భాష నుంచి వచ్చిన క్రియ?

అర్జీ తరువాత నేను దిద్దడం పూర్తిగా ఆపేశాను. ఆమె అప్పటిదాకా రాసిన పన్నెండు రాతలు ముందేసుకుని, క్రియ పొసగని ప్రతి చోటా ఆగి, ‘ఇదే మాట అమ్మతో ఎలా చెబుతావు, హాస్టల్లో ఒడియాలో ఎలా చెబుతావు’ అని అడిగాను. ఆమె నోటి మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరిది. సవర భాషను ఆయన సవరల నోట విని నేర్చుకున్నారు. అదే ఊళ్లో ఉంటూ, కాగితం దిద్దే ముందు పిల్ల నోటి మాట వినాలన్న బుద్ధి నాకు ఇంత ఆలస్యంగా పుట్టింది.

పన్నెండు రాతల్లో మొత్తం 34 చోట్ల క్రియ పొసగలేదు. వాటిలో 19 చోట్ల తెలుగూ ఒడియా రెండూ ఒకే దారి చూపిస్తున్నాయి. తప్పు చేయడం, ‘భుల్ కరిబా’. ప్రయత్నం చేయడం, ‘చేష్టా కరిబా’. అబద్ధం చెప్పడం, ‘మిఛ కహిబా’. కాబట్టి ఆమె ‘డూ ఎ మిస్టేక్’, ‘డూ ఎఫర్ట్’, ‘సే ఎ లై’ అని రాసింది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష కలిసి ఒకే మాట చెబుతుంటే ఆ పిల్లకు అనుమానం రావడానికి అవకాశమే లేదు. జాబితా చదివించినా చెక్కుచెదరకుండా నిలిచినవి కూడా ఈ గుంపులోవే.

9 చోట్ల దారి చూపింది తెలుగు ఒక్కటే. ‘ఓపెన్ ద లైట్’ అందులోదే. స్నానం చేయడం నుంచి ‘డిడ్ బాత్’ వచ్చింది. ఒడియాలో మామూలుగా స్నానానికి ‘గాధోఇబా’ అనే ఒంటిమాట క్రియ వాడతారు కనుక అది ఈ రూపానికి దారితీయదు. మాత్ర వేసుకోవడం నుంచి ‘పుట్ ఎ టాబ్లెట్’ వచ్చింది. ఒడియాలో మందు తింటారు. జోకు మాత్రం ఆమె రాతలో రెండు వేషాల్లో కనిపించింది: జోకు చెప్పడం నుంచి ‘సెడ్ ఎ జోక్’, జోకు వేయడం నుంచి ‘పుట్ ఎ జోక్’.

ఇంకో 4 చోట్ల ఒడియా ఒక్కటే. ‘గివ్ ద ఎగ్జామ్’ రాసింది, ఒడియాలో ‘పరీక్షా దేబా’ అంటారు కనుక. తెలుగులో పరీక్ష రాస్తాం. ‘సా ఎ డ్రీమ్’ కూడా ‘స్వప్న దేఖిబా’ నుంచి వచ్చిందే. ఆమె ఇంట్లో అనేది ‘కల వచ్చింది’ అని. మిగిలిన రెండింటికి మూలం నాకు దొరకలేదు.

ఈ లెక్క ఒక్క పిల్లది, పన్నెండు రాతలది. దీన్నిబట్టి అందరి గురించీ ఏమీ చెప్పలేం. కానీ ఆమె విషయంలో తరువాత ఏం చేయాలో దీన్నిబట్టే నిర్ణయించుకున్నాను. రెండు భాషలూ ఒకటైన చోట ఎక్కువ సాధన కావాలి. రెండూ విడిపోయిన చోట ఆమెకు అప్పటికే కాస్త అనుమానం ఉంటుంది, కొద్ది సాధన చాలు. మూడు భాషలూ కలిసిన చోట, ఉదాహరణకు సలహా ఇవ్వడం, ‘పరామర్శ దేబా’, ‘గివ్ అడ్వైస్’ లాంటి చోట, అసలు సమయమే పెట్టనక్కర్లేదు. అంతకుముందు నేను చదివించిన నలభై జంటల జాబితాలో ఆమె ఎప్పుడూ తప్పని మాటలు పదికి పైగా ఉన్నాయి.

ఒక్కో నామవాచకానికి ఒక పేజీ

తరువాతి పద్ధతి క్రియను వదిలి నామవాచకం దగ్గర మొదలైంది. రాసేవేళ ఆమె మనసులోకి ముందు వచ్చేది తప్పు, జోకు, లైటు. క్రియ వెతుకులాట ఆ తరువాతది. కనుక నోటుపుస్తకం కూడా ఆ వరసలోనే ఉండాలనుకున్నాను. ఒక్కో నామవాచకానికి ఒక పేజీ. పైన తెలుగు వాక్యం ఒకటి, దాని కింద ఒడియా వాక్యం ఒకటి, ఇంట్లోనూ హాస్టల్లోనూ అనేది అన్నట్టుగానే. ఆ కింద ఇంగ్లీషు వాక్యాలు, తను సొంతంగా కట్టినవి కాకుండా, పాఠ్యపుస్తకంలోనో పేపర్లోనో కంటపడినవి. తప్పు రూపం పేజీలో ఎక్కడా ఉండకూడదన్నది నియమం.

‘జోక్’ పేజీ నింపేటప్పుడు ‘సే’, ‘టెల్’ గొడవ దానంతట అదే వచ్చింది. మన ‘చెప్పడం’ ఒక్కటే కథకూ, అబద్ధానికీ, జోకుకూ, నిజానికీ సరిపోతుంది. ఇంగ్లీషులో ఈ నాలుగూ ‘టెల్’ వెంట పోతాయి. ‘సే’ వెంట పోయేవి వేరే ఉన్నాయి: ప్రార్థన, హలో, సారీ, అవును, కాదు. ఇక్కడ ఆమెకు ఉపయోగపడింది వినేవాడి సంగతి. ‘టెల్’ తరువాత వినే మనిషి వెంటనే వచ్చి కూర్చుంటాడు: ‘టెల్ మీ ఎ స్టోరీ’. ‘సే మీ’ అనలేం. కథకూ జోకుకూ అబద్ధానికీ ఎదుట ఒక మనిషి ఉండి తీరాలి కనుక అవి ‘టెల్’ వి అని ఆమె తనకు తానే గుర్తు పెట్టుకుంది. దీన్ని సూత్రంగా నేను ఎవరికీ చెప్పను, హలో చెప్పడానికీ ఎదుట మనిషి ఉండాలి కదా. ఆమెకు మాత్రం ఈ గుర్తు పనిచేసింది.

లైటు పేజీలో నేనొక పొరపాటు చేశాను. ఇంగ్లీషులో ‘పుట్ ఆన్ ద లైట్’ కూడా ఒప్పే. మన ‘వేయడానికి’ ఇది దగ్గరగా ఉంది కదా, సులువుగా పట్టుబడుతుందని అదే రాయించాను. పట్టుబడింది. కానీ ‘వేయడం’ పుట్ ఆన్ అయితే ‘తీయడం’ ఏమిటి? చొక్కా వేసుకోవడం పుట్ ఆన్, చొక్కా తీయడం టేక్ ఆఫ్. తరువాతి వారం ‘షి టుక్ ఆఫ్ ద లైట్’ అని వచ్చింది. తెలుగుకు దగ్గరగా ఉన్న వంతెన ఎక్కిస్తే ఆ వంతెన చివరిదాకా తెలుగులోనే నడుస్తుంది. ఆ వాక్యం కొట్టేసి ‘స్విచ్ ఆన్’, ‘స్విచ్ ఆఫ్’ జంటకు మార్చాను. అందులో కంటికి కనబడే స్విచ్చు ఉంది, తీయడం వేయడం రెండూ లేవు. ఫ్యానుకూ టీవీకీ కూడా అదే సరిపోతుంది. ఇంట్లో టీవీ ‘పెడతాం’, ఫ్యాను ‘వేస్తాం’ కాబట్టి ఈ రెండూ త్వరలోనే తప్పేవేనని ఆ పేజీలోనే వాటికీ చోటిచ్చాం.

వాక్యం మలుపు తిరిగిన చోట

పేజీలు మొదలుపెట్టిన ఐదో వారానికి ‘ఐ మేడ్ ఎ మిస్టేక్’ ప్రతిసారీ సరిగ్గా వస్తోంది. నేను ఆ పేజీ అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఒక రాతలో ఒకే పేరాలో ఈ మూడూ కనిపించాయి: మొదటి వాక్యంలో ‘ఐ మేడ్ ఎ మిస్టేక్’. రెండు వాక్యాల తరువాత ‘ఐ డిడ్ సో మెనీ సిల్లీ స్పెల్లింగ్ మిస్టేక్స్’. చివర్లో ‘ద మిస్టేక్స్ విచ్ ఐ డిడ్ ఇన్ ద ఎగ్జామ్’.

ఈ పేరా ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆమె నేర్చుకున్నది ‘మేడ్ ఎ మిస్టేక్’ అనే మూడు మాటల ముద్ద. ఆ ముద్ద విడిపోనంతవరకు ఒప్పే వస్తోంది. క్రియకూ నామవాచకానికీ మధ్య నాలుగు మాటలు దూరితే, క్రియ రాసే సమయానికి ‘మిస్టేక్’ ఇంకా దూరంలో ఉంటుంది, అప్పుడు చేతికి అలవాటైన ‘డూ’ వచ్చేస్తుంది. మూడో వాక్యంలో వరసే మారింది. ‘పరీక్షలో నేను చేసిన తప్పులు’ అన్నది ఆమె మనసులో ఉంది, అందులో ‘చేసిన’ బలంగా ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి మలిచేటప్పుడు నామవాచకం ముందుకు వచ్చి, క్రియ వెనక్కు పోయి, మళ్లీ తెలుగు క్రియే దిగింది.

అందుచేత ప్రతి పేజీలో ఇంగ్లీషు భాగాన్ని మూడుగా చేశాం. మొదటిది నేరుగా ఉన్న వాక్యం. రెండోది మధ్యలో మాటలు దూరినది: ‘షి మేడ్ త్రీ వెరీ సీరియస్ మిస్టేక్స్’. మూడోది తిరగేసినది: ‘ద మిస్టేక్స్ ఐ మేడ్’. ‘ద జోక్ హి టోల్డ్’, ‘ద లై షి టోల్డ్’ కూడా ఇలాగే. మూడో రూపాన్ని తెలుగు విశేషణరూపంతోనే సాధన చేయించాను: నేను ‘వాడు చెప్పిన జోకు’ అంటే ఆమె ఇంగ్లీషు రాయాలి. తెలుగును పూర్తిగా పక్కన పెట్టమనే పద్ధతులు నాకు తెలుసు. కానీ నిజంగా రాసే వేళ ఆమె మనసులో మొదట లేచేది తెలుగు మాటే కనుక, సాధన కూడా అక్కడినుంచే మొదలుకావాలని నాకు అనిపించింది.

దీనితోపాటు వారానికొకసారి రెండుసార్ల అనువాదం చేయించాను. ఎనిమిది పది వాక్యాల ఇంగ్లీషు పేరా ఇస్తాను. ఆమె దాన్ని ఇంట్లో మాట్లాడే తెలుగులోకి రాస్తుంది. ఇంగ్లీషు కాగితం నేను తీసేసుకుంటాను. మూడు రోజుల తరువాత ఆ తెలుగును చూసి మళ్లీ ఇంగ్లీషు రాస్తుంది. అప్పుడు మొదటి కాగితం బయటపెట్టి, తేడాల కింద తనే గీత గీసుకుంటుంది. ఇది పాత పద్ధతి. పదహారో శతాబ్దంలో ఇంగ్లండులో రోజర్ ఆస్కమ్ లాటిన్ పాఠాలకు ఇదే సిఫారసు చేశాడు. ఇందులో నాకు నచ్చినదేమిటంటే ఎర్ర గీత గీసేది నేను కాదు. నేను గీసిన గీత కింద ఆమె ఏనాడూ ‘ఎందుకు’ అని రాసుకోలేదు. తను గీసినప్పుడు మాత్రం పక్కనే ‘నేను తెలుగులో ఆలోచించాను’, ‘ఇది ఒడియా’ అని చిన్న అక్షరాలతో రాసుకునేది. మూడు రోజుల వ్యవధి ఊరికే పెట్టింది కాదు. మరునాడే రాయిస్తే పేరా నోటికి వచ్చి ఉంటుంది, క్రియ ఎంచుకునే అవసరమే రాదు.

ఎంతవరకు ఫలించింది

నాలుగు నెలల తరువాత, ముందుగా చెప్పకుండా, మూడు వందల మాటల్లో హాస్టల్ జీవితం గురించి రాయమన్నాను. పేజీలు పెట్టుకున్న నామవాచకాలు అందులో పద్నాలుగు చోట్ల వచ్చాయి. పదమూడు ఒప్పు. తప్పినది మళ్లీ ‘మిస్టేక్స్’ దగ్గరే, తిరగేసిన వాక్యంలో. పేజీ లేని మాటల దగ్గర మాత్రం పాత కథే. ‘ప్రామిస్’ మొదటిసారి రాయవలసి వచ్చినప్పుడు ‘డిడ్ ఎ ప్రామిస్’ అనే రాసింది. ఈ పద్ధతి ఏ మాటకు ఆ మాట నేర్పుతుంది, తరువాతి మాటను ఊహించే శక్తి ఇవ్వదు. కొత్త నామవాచకం దగ్గర ఆగి నిఘంటువు చూసే అలవాటు మాత్రం కొంత వచ్చింది. నేర్చుకునేవారి నిఘంటువుల్లో చాలావాటిలో ఒక నామవాచకం కింద దానితో వచ్చే క్రియలు కూడా ఇస్తారు. అంతకుముందు ఆమె అర్థం చూసి పుస్తకం మూసేసేది, ఇప్పుడు ఇంకో నాలుగు పంక్తులు కిందికి చదువుతోంది.

మాట్లాడేటప్పుడు ‘డూ మిస్టేక్’ ఇప్పటికీ వస్తూనే ఉంది. దాన్ని నేను సరిచేయడం లేదు. మాటలో ఆపితే మాటే ఆగిపోతుంది, పైగా ఆమెకు పరీక్ష ఉన్నది రాతలో.

‘ఎగ్జామ్’ పేజీ దగ్గర మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ‘గివ్ ద ఎగ్జామ్’, ‘రైట్ ద ఎగ్జామ్’ రెండూ మన దేశంలో చదువుకున్నవాళ్లు నిత్యం అనేవే. ఇక్కడి వార్డెన్‌కు గానీ లెక్చరర్‌కు గానీ అర్థం కాకపోయే ప్రమాదం ఏ కొంచెమూ లేదు. లైటు సంగతి అలాంటిది కాదు, అక్కడ అర్థమే తిరగబడింది. అందుకని ఆ పేజీలో ‘టేక్ ద ఎగ్జామ్’ రాయించి, దాని కింద ‘ఊళ్లో ఇంకోలా అన్నా తప్పు కాదు’ అని ఆమె చేతనే రాయించాను. ‘డెసిషన్’ దగ్గర కూడా ‘మేక్’, ‘టేక్’ రెండూ ఉంచాం. నిర్ణయం తీసుకోవడం నుంచి ఆమె ‘టేక్’ రాస్తుంది, బ్రిటిష్ వాడుకలో అది ఉన్నదే. ప్రతి తేడానూ తప్పు కింద లెక్కవేస్తే ముప్పై నాలుగు నలభై అయ్యేవి, సాధన చేయవలసిన వాటికి సమయం తగ్గేది.

వార్డెన్‌కు రెండో అర్జీ ఆమే రాసుకుంది. నేను చూసి ఇచ్చాను, ఒక్క మాట కూడా మార్చలేదు. అందులో ‘స్విచ్ ఆఫ్ ద లైట్ ఎట్ టెన్’ అని ఉంది, ‘ఐ రీడ్ అంటిల్ ఎలెవెన్’ అని కూడా ఉంది. రెండో వాక్యం ఎందుకని అడిగితే, మొదటిది ఎవరికైనా తిరగబడి అర్థమైనా ఇది పట్టిస్తుంది కదా అంది. చదువుకునేవాళ్లకు వరండా చివరి గదిలో పదకొండున్నర దాకా లైటు ఉంచుకోవడానికి ఒప్పుకున్నారు.

ఈ మధ్య ఆమె తమ్ముడు కూడా ట్యూషన్‌కు వస్తున్నాడు. ఊళ్లోని ఇంగ్లీషు మాధ్యమం బడిలో చదువుతున్నాడు, స్నేహితులంతా ఒడియా పిల్లలు. మొదటి వారమే ‘వెన్ మై అంకుల్ కేమ్ ఐ ఓపెన్డ్ ద ఫ్యాన్’ అని రాసుకొచ్చాడు. అక్క ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని చూసి, ‘మావయ్య వస్తే ఫ్యాను తీసేశావేట్రా?’ అని అడిగింది. వాడు తెల్లబోయి, ‘తీసెయ్యడమేటి, ఉక్కపోత్తంటే వేశాను’ అన్నాడు. ఫ్యానుకు కొత్త పేజీ ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. పైన తెలుగు వాక్యం అక్క రాసింది, ఒడియా వాక్యం తమ్ముడు రాశాడు.